తొమ్మిది వందల ఐదు రూపాయల బిల్లు వెంట నేను తిరిగిన రెండు నెలలు

ఈ లెక్క అంతా ఒక నలభై ఐదు రూపాయల దగ్గర మొదలైంది. 2025 జూన్ 10, మంగళవారం. హైదరాబాద్ రామంతాపూర్‌లో మేం ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. గ్యాస్ కనెక్షన్ అమ్మ పేరు మీద ఉంది. శనివారం బుక్ చేస్తే మంగళవారం పొద్దున్నే బండ వచ్చింది. రోజూ ఆ టైముకు నేను షాపుకు వెళ్లిపోతాను కాబట్టి డబ్బులు ఇవ్వడం, ఖాళీ సిలిండర్ అప్పజెప్పడం అమ్మే చూసుకుంటుంది. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"అక్కా, ఓటీపీ చెప్పు. తొమ్మిది యాభై ఇయ్యి" అన్నాడు అబ్బాయి.

బండ వచ్చే ముందు ఫోన్‌కు నాలుగంకెల కోడ్ వస్తుంది. దాన్నే అందరం ఓటీపీ అంటాం. అది చెప్పేశాను. చేతిలో నగదు లేక అతని నంబర్‌కు ఫోన్‌లోనే 950 కొట్టాను. బిల్లు అడిగితే "ఆఫీసుల ఉంటదక్కా" అని దిగిపోయాడు. ఐదు నిమిషాల్లో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సిలిండర్ డెలివరీ అయింది, క్యాష్ మెమో నంబర్ ఇది, మొత్తం రూ.905 అని ఉంది. క్యాష్ మెమో అంటే గ్యాస్ బిల్లే.

"ఎప్పుడూ ఎంతిస్తున్నావమ్మా?" అని అడిగితే "తొమ్మిది యాభైయే గదా, రేటు పెరిగిందన్నరు" అంది. అంతకుముందు తొమ్మిది వందలు ఇచ్చేదట. సబ్సిడీ సంగతి అడిగితే "అదెప్పుడో బందయింది, పాస్‌బుక్కుల ఏం పడుతలేదు" అంది. మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది. తెలంగాణ ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద ఐదు వందలకు సిలిండర్ రావాలి. కట్టేది 950, వెనక్కి వచ్చేది సున్నా అంటే నాకు మనసొప్పలేదు. నేను పనిచేసేది హోల్‌సేల్ షాపులో లెక్కల దగ్గర. పొద్దంతా ఇతరుల బిల్లులు సరిచూసి, మా వంటింటి బిల్లు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సాయంత్రం నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది అసలు ధర 905 అవునా కాదా అన్నది. కింది ఇంటి అంకుల్ అయితే "టీవీలో ఎనిమిది వందల యాభై మూడు అని చూపించారు, మనల్ని దోచుకుంటున్నారు" అన్నాడు. ఆయన చూసింది అబద్ధం కాదు, కానీ అది ఢిల్లీ ధర. ఇంటి వంటకు వాడే 14.2 కిలోల సిలిండర్ ధర దేశమంతా ఒకటే ఉండదు. రవాణా ఖర్చులను బట్టి ఊరూరికీ మారుతుంది. 2025 ఏప్రిల్ 8 నుంచి కేంద్రం 50 రూపాయలు పెంచినప్పుడు ఢిల్లీలో 803 ఉన్నది 853 అయింది, హైదరాబాద్‌లో 855 ఉన్నది 905 అయింది. జాతీయ చానళ్లు చెప్పేది ఎప్పుడూ ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ధరలే. వాటిని పట్టుకుని మన బిల్లును కొలిస్తే ప్రతిసారీ తప్పుగానే కనిపిస్తుంది.

అంకుల్‌ది ఇంకో మాట కూడా ఉంది. "ఒకటో తారీఖున ఇరవై నాలుగు రూపాయలు తగ్గింది కదా, మనకెందుకు తగ్గలేదు?" జూన్ 1న తగ్గింది హోటళ్లు వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్. దాని ధర మామూలుగా ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది. "గ్యాస్ ధర తగ్గింది" అని వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం దాని గురించే. ఇంటి సిలిండర్ అలా నెలనెలా కదలదు. మాది 2024 మార్చి 9న 955 నుంచి 855కు దిగింది, ఆ తరువాత పదమూడు నెలలు అక్కడే ఉండి ఏప్రిల్‌లో 905 అయింది. వార్త వినగానే ముందు చూడాల్సింది అది పద్నాలుగు కిలోలదా, పంతొమ్మిది కిలోలదా అని.

మన ధర తెలుసుకోవడానికి నాకు సులువుగా దొరికిన చోటు గ్యాస్ కంపెనీ యాప్. మన కన్స్యూమర్ నంబర్‌తో లోపలికి వెళ్లి బుకింగ్ మొదలుపెడితే, డబ్బు కట్టే ముందే మన ఏజెన్సీకి వర్తించే ధర తెర మీద కనిపిస్తుంది. బుక్ చేయకుండా వెనక్కి వచ్చేయొచ్చు. మాది 905 అనే చూపించింది. అంటే ధరలో తేడా లేదు, మెసేజ్‌లో తేడా లేదు. తేడా అంతా ఆ మెసేజ్‌కూ మేమిచ్చిన డబ్బుకూ మధ్యలోనే ఉంది.

మరునాడు షాపుకు వెళ్లే దారిలో ఏజెన్సీ దగ్గర ఆగి క్యాష్ మెమో అడిగాను. కౌంటర్‌లో ఉన్నాయన కొంచెం సణిగాడు కానీ ప్రింట్ తీసి ఇచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని చదవలేదు కాబట్టి అక్కడే నిలబడి లైను లైనూ చూశాను. పైన అమ్మ పేరు, కన్స్యూమర్ నంబర్, 17 అంకెల ఎల్‌పీజీ ఐడీ. కింద మూల ధర 861.90, దాని మీద కేంద్రం జీఎస్టీ రెండున్నర శాతం 21.55, రాష్ట్రం జీఎస్టీ మరో రెండున్నర శాతం 21.55. కూడితే సరిగ్గా 905.00. నేను క్యాలిక్యులేటర్ మీద మళ్లీ కొట్టి చూసుకున్నాను. ఇంటి గ్యాస్‌కు పన్ను మొత్తం ఐదు శాతమే కాబట్టి ఎవరైనా తమ బిల్లు మొత్తాన్ని 1.05తో భాగిస్తే మూల ధర వచ్చేస్తుంది. అది బిల్లులోని మూల ధరతో కలవకపోతే మధ్యలో ఇంకేదో చేరిందన్నమాట.

తేదీ కూడా చూసుకోవాలి. ఏప్రిల్‌లో మా పైవాళ్లు 6న బుక్ చేస్తే 9న బండ వచ్చింది. "బుక్ చేసినప్పుడు 855 ఉంది, 905 ఎందుకివ్వాలి" అని పెద్ద గొడవే అయింది. వాళ్లు ముందుగా డబ్బు కట్టలేదు. అలాంటప్పుడు లెక్కలోకి వచ్చేది బుక్ చేసిన రోజు ధర కాదు, క్యాష్ మెమో మీదున్న తేదీ నాటి ధర. వాళ్ల మెమో 8వ తేదీ తరువాతది. ఆ గొడవలో న్యాయం అబ్బాయి వైపే ఉంది.

ఇక ఆ నలభై ఐదు. మెమోలో డెలివరీ పేరుతో విడిగా ఏ లైనూ లేదు. "మరి డెలివరీ ఛార్జి ఎక్కడ?" అని అడిగాను. కౌంటర్ ఆయన తలెత్తకుండానే "అది ధరలోనే ఉంటదమ్మా" అన్నాడు. అదే నిజం. 905లోనే ఏజెన్సీకి వెళ్లే కమీషన్ ఉంది. ఆ కమీషన్‌లో ఒక భాగం ఆఫీసు నడపడానికి, రెండో భాగం బండను మన ఇంటికి చేర్చడానికి. ఏజెన్సీ పరిధిలో ఉన్న ఇంటికి తెచ్చి ఇవ్వడం ఆ ధరలో కలిసిన పని. మూడో అంతస్తు అని, లిఫ్ట్ లేదని వేరే రేటు లేదు. ఊరి బయట, దూరపు పల్లెల్లో రవాణా ఛార్జి వేసే చోట్లు ఉంటాయి. అక్కడ కూడా అది బిల్లులో అచ్చై కనిపించాలి, నోటి మాటగా కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. మనమే గోదాముకు వెళ్లి సిలిండర్ తెచ్చుకుంటే ఆ డెలివరీ భాగాన్ని బిల్లులో తగ్గించాలి. దాన్ని క్యాష్ అండ్ క్యారీ రిబేటు అంటారు. కింది అంకుల్ ఏడాదిగా బండి మీద తనే తెచ్చుకుంటున్నాడు, ప్రతిసారీ పూర్తి ధర కడుతున్నాడు. ఏజెన్సీ గోడ మీద ధరల బోర్డు ఉంది, ఆ రిబేటు ఎంతో కూడా అందులో రాసి ఉంది, అలమారా తలుపు తీసి పెట్టడంతో సగం మూసుకుపోయింది. ఫోటో తీసుకొచ్చి అంకుల్‌కు చూపించాను.

మా 45 సంగతి కౌంటర్‌లో అడిగితే "అది బాయ్‌కు మీరిష్టపడి ఇచ్చిన్రు, మాకు సంబంధం లేదు" అన్నారు. నేను ఇష్టపడి ఇవ్వలేదు. అతను రేటు చెప్పాడు, నేను కట్టాను. ఆ సాయంత్రమే యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. క్యాష్ మెమో నంబర్, మెమోలో 905, ఫోన్‌లో కట్టిన 950, రెండింటి ఫోటోలు జతచేశాను. మూడు గ్యాస్ కంపెనీలకూ కలిపి ఉన్న టోల్‌ఫ్రీ నంబర్ 1800 233 3555కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకున్నాను. మూడో రోజు ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు బాగా మెత్తబడింది. 45 రూపాయలు నా ఫోన్‌కు తిరిగి పంపి, ఫిర్యాదు మూసేస్తున్నట్టు చెప్పమన్నారు. అంతకుముందు అమ్మ నగదుగా ఇచ్చిన వాటి గురించి అడిగితే రుజువేదన్నారు. నా దగ్గర లేదు. ఆ ఒక్కసారి చేతిలో నగదు లేకపోవడమే మాకు కలిసొచ్చింది.

ఆ డబ్బు తిరిగి వచ్చినందుకు నాకు సంతోషం కంటే ఒక ముల్లు మిగిలింది. తరువాత ఒకరోజు అదే అబ్బాయి మా వీధిలో కనిపించాడు. నీళ్లు ఇచ్చి అడిగాను, కోపంగా ఉన్నాడేమోనని. "మాకు జీతం లేదక్కా, బండకింత అని ఇస్తరు. మూడంతస్తులకైనా అంతే, కింద దించినా అంతే. పెట్రోలు కూడా మాదే" అన్నాడు. నిండు బండ అంటే ఇనుముతో కలిపి దాదాపు ముప్పై కిలోలు. భుజం మీద పెట్టుకుని అరవై మెట్లు ఎక్కడం చిన్న పని కాదు. మేం ధరలోనే డెలివరీకి కడుతున్నాం, ఆ డబ్బు అతని దాకా సరిగ్గా చేరడం లేదు, ఆ లోటును మా దగ్గర వసూలు చేయమని అతన్ని వదిలేశారు. నాకు అర్థమైంది ఇది. అప్పటి నుంచి ఇవ్వాలనిపిస్తే ఇరవయ్యో ముప్పయ్యో అతని చేతిలో వేరుగా పెడుతున్నాం. బిల్లు మాత్రం బిల్లే. ఆ రెంటినీ కలిపి "తొమ్మిది యాభై రేటు" అని చెప్పనిస్తే అమ్మలాంటి వాళ్లు అదే సర్కారు ధర అనుకుంటారు, అనుకున్నారు కూడా.

ఇంతవరకు సులువే. అసలు తిప్పలు సబ్సిడీ దగ్గర మొదలయ్యాయి.

ముందు మాకు రావాల్సింది ఎంతో లెక్క వేశాను. కేంద్రం సబ్సిడీ 2020 మే నుంచి ఢిల్లీ లాంటి చోట్ల సున్నా అయిపోయింది కానీ హైదరాబాద్‌లో సిలిండర్‌కు 40.71 రూపాయలు మిగిలింది. దీన్ని చూసే చాలామంది "సబ్సిడీ ఎత్తేశారు" అనుకుంటారు. ఇది వార్షిక ఆదాయం పది లక్షలు దాటని మామూలు కనెక్షన్లకు. పేద ఇళ్లకిచ్చే ఉజ్వల కనెక్షన్ అయితే 2025లో దీని పైన కేంద్రం మరో 300 ఇస్తోంది. మా పక్క గల్లీలో ఒకావిడకు అది వస్తోంది, ఆవిడ లెక్క వేరు. తరువాత రాష్ట్రానిది. మహాలక్ష్మి 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. చాలామంది అనుకున్నట్టు బండ వచ్చినప్పుడు ఐదు వందలే ఇస్తే సరిపోదు. పూర్తి ధర కట్టాలి, ఐదు వందలకు పైన ఉన్నది బ్యాంకులోకి తిరిగి వస్తుంది. మాకు 905 నుంచి 500 తీస్తే 405. అందులో కేంద్రం 40.71 పోగా రాష్ట్రం వంతు 364.29. ఏప్రిల్‌కు ముందు ధర 855 కాబట్టి తిరిగి రావాల్సింది 355, అందులో రాష్ట్రం వంతు 314.29. కేంద్రం వంతు మారలేదు, ధర పెరిగిన 50 రూపాయలూ రాష్ట్రం వంతులోకే వెళ్లాయి. ఈ సంఖ్యలన్నీ పెన్సిల్‌తో నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నాను, ఎందుకంటే పాస్‌బుక్‌లో వెతకాల్సింది 405ను కాదు, కేంద్రం, రాష్ట్రం విడివిడిగా వేసే మొత్తాలను.

అమ్మ పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూస్తే 2024 అక్టోబర్ దాకా పడ్డాయి. నవంబర్ నుంచి ఒక్కటీ లేదు. ఏజెన్సీలో అడిగితే "మా దగ్గర నుంచి పోయింది, బ్యాంకుల అడుగు" అన్నారు. బ్యాంకులో అడిగితే "మాకు రాలేదు, గ్యాస్ వాళ్లను అడుగు" అన్నారు. ఈ రెండు కౌంటర్ల మధ్య రెండు మధ్యాహ్నాలు పోయాయి.

దారి చూపించింది యాప్‌లోని రీఫిల్ హిస్టరీ. అక్కడ ప్రతి సిలిండర్ ఎదురుగా తేదీ, కట్టిన ధర, సబ్సిడీ వెళ్లిందా లేదా అన్నది ఉంటుంది. నవంబర్ 18, జనవరి 7, మార్చి 3, ఏప్రిల్ 25, జూన్ 10, ఐదింటికీ 40.71 పంపినట్టే ఉంది. విఫలమైనట్టు ఒక్కటీ లేదు. అయితే బ్యాంకు పేరు దగ్గర ఆగిపోయాను. అది అమ్మ పాస్‌బుక్ ఉన్న బ్యాంకు కాదు.

"అమ్మా, ఈ బ్యాంకులో నీకు ఖాతా ఉందా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "సంఘం లోను కోసం తెరిపిచ్చిన్రు గదా, దసరా తరువాత" అంది. మహిళా సంఘం అప్పు కోసం కొత్త ఖాతా తెరిచినప్పుడు ఆధార్ ఇచ్చింది, ఏదో కాగితం మీద సంతకం పెట్టింది. ఆ కాగితంతోనే అన్నీ మారిపోయాయి.

సబ్సిడీ మన కనెక్షన్‌లో రాసిచ్చిన ఖాతా నంబర్‌కు పోతుందని మనం అనుకుంటాం. ఆధార్ ద్వారా జరిగే చెల్లింపు అలా పోదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, అందులో ఒక ఆధార్ నంబర్‌కు ఎదురుగా ఒకే బ్యాంకు పేరు ఉంటుంది. చివరగా ఏ బ్యాంకు మన అనుమతితో ఆధార్‌ను ఆ పట్టికలో ఎక్కించిందో ఆ బ్యాంకుకే సర్కారు డబ్బు పోతుంది. పాత ఖాతాకు ఆధార్ ఇంకా జతచేసే ఉన్నా లాభం లేదు. కేవైసీ కోసం ఆధార్ ఇవ్వడం వేరు, ఈ పట్టికలో ఎక్కడం వేరు. ఇలా ఎక్కడాన్నే సీడింగ్ అనీ మ్యాపింగ్ అనీ అంటారు. బ్యాంకు కౌంటర్‌లో "మీ ఆధార్ లింకై ఉంది" అని చెప్పింది మొదటి సంగతి, మేం అడిగింది రెండోది. రెండూ నిజమే, అందుకే నాలుగు రోజులు ఎవరికీ అర్థం కాలేదు.

ఇది ఎవరికి వారు చూసుకోవచ్చు. myaadhaar.uidai.gov.in లోకి ఆధార్ నంబర్, దానికి అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో వెళ్తే Bank Seeding Status అని ఉంటుంది. నొక్కితే ఏ బ్యాంకు, ఏ తేదీ నుంచి అని చూపిస్తుంది. అమ్మకు సంఘం ఖాతా ఉన్న బ్యాంకు పేరు, 2024 నవంబర్ తేదీ వచ్చాయి. పాస్‌బుక్‌లో జమలు ఆగిన నెల, ఈ నెల ఒకటే. ఆ తెర చూసినప్పుడు నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టైంది.

జూన్ 20న అమ్మను తీసుకుని ఆ బ్యాంకుకు వెళ్లాను. ఖాతాకు ఫోన్ నంబర్ ఇచ్చింది సంఘం లీడర్‌ది, అందుకే మాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు. పాస్‌బుక్ ప్రింట్ తీయిస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. ఆధార్ ద్వారా వచ్చిన డబ్బుకు గుర్తుగా APBS అనే అక్షరాలతో మొదలయ్యే ఎంట్రీలు. 40.71 ఐదుసార్లు, అంటే 203.55. నవంబర్, జనవరి, మార్చి సిలిండర్లకు 314.29 చొప్పున మూడుసార్లు, 942.87. మొత్తం 1,146.42 రూపాయలు. అమ్మ పాస్‌బుక్‌ను దగ్గరగా పట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసింది. "ఇన్ని దినాలు సర్కారోళ్లను తిట్టుకున్న" అంది.

ఏప్రిల్, జూన్ సిలిండర్లకు రావాల్సిన రాష్ట్రం వంతు మాత్రం లేదు. రెండు 364.29లు, అంటే 728.58. కేంద్రం వంతు ఐదింటికీ నాలుగైదు రోజుల్లోనే పడింది. రాష్ట్రం వంతు ఆలస్యంగానే వస్తూ వచ్చింది, నవంబర్‌ది కూడా దాదాపు నెల తరువాత పడినట్టు ఎంట్రీ తేదీలు చూస్తే తెలిసింది. కాబట్టి కేంద్రం వంతు పడి రాష్ట్రం వంతు పడకపోతే బ్యాంకు మ్యాపింగ్ తప్పని అనుకోనక్కర్లేదు. మ్యాపింగ్ తప్పితే రెండూ ఒకే చోట మాయమవుతాయి. ఒకటి వచ్చి ఒకటి రాకపోతే రెండో దాని వెంట పడాలి. అది ఆలస్యమైనా కావచ్చు, లేదా మన కోటా అయిపోయి ఉండొచ్చు. మహాలక్ష్మిలో ఏడాదికి ఎన్ని సిలిండర్లు అన్నది గత మూడేళ్లలో ఆ ఇల్లు సగటున వాడిన సంఖ్యను బట్టి కట్టారు. మా సగటు ఎంతని ఏజెన్సీలో అడిగితే కంప్యూటర్‌లో చూసి ఆరని చెప్పారు. మేం ఇంకా దాన్ని దాటలేదు. దాటితే ఆ పైన వచ్చే బండకు 40.71 మాత్రమే వస్తుంది, అప్పుడు ఫిర్యాదు చేసి ప్రయోజనం ఉండదు. ఈ ఒక్క ప్రశ్న ఏజెన్సీలో అడిగి పెట్టుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

పౌర సరఫరాల శాఖ నంబర్ 1967కు ఫోన్ చేసి ఆ రెండింటి గురించి చెప్పాను. రేషన్ కార్డు నంబర్, ఎల్‌పీజీ ఐడీ తీసుకున్నారు. బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని, వస్తాయని చెప్పారు. ఏప్రిల్‌ది జూలై మొదటి వారంలో పడింది, జూన్‌ది ఆ నెలాఖరుకు పడింది. ఫోన్ చేయడం వల్లే పడ్డాయని చెప్పను. అందరివీ అప్పుడే పడ్డాయి.

ఖాతా మార్చాలా వద్దా అని ఇంట్లో కాస్త చర్చ జరిగింది. డబ్బు పడుతోంది కాబట్టి సంఘం ఖాతాలోనే ఉండనిద్దామంది అమ్మ. కానీ దానికి ఏటీఎం కార్డు లేదు, మెసేజ్‌లు ఇంకొకరికి పోతున్నాయి, లోను కిస్తీ అందులోంచే కోతపడుతుంది. పాత బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం నింపాం. అందులో ఇప్పుడు ఏ బ్యాంకులో ఉందో దాని నుంచి ఇక్కడికి మార్చమని అడిగే గడి ఒకటి ఉంటుంది. దాన్ని నింపకుండా ఉత్త ఆధార్ కాపీ ఇస్తే అది కేవైసీ కిందే పోతుంది. ఆ గడి నింపి, ఆ ఫారం అందుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం. వారం తరువాత Bank Seeding Status మళ్లీ చూస్తే పాత బ్యాంకు పేరు వచ్చింది. అమ్మ ఆధార్ మీద వచ్చే వేరే డబ్బు ఏదైనా ఉన్నా ఇకపై ఇక్కడికే వస్తుంది, గ్యాస్‌ది ఒక్కటే కాదు. మారే ముందు అది కూడా ఆలోచించుకోవాలి.

ఇదంతా గుంటూరులో మా పిన్నికి ఫోన్‌లో చెబితే, "మాకు దీపం డబ్బులు పడలేదని మీ బాబాయి కూడా అదే మాట అంటున్నాడు" అంది. అక్కడ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. ఇక్కడిలాగే ముందు పూర్తి డబ్బు కట్టాలి, తరువాత ఖాతాలో పడుతుంది. పిన్ని ఆధార్ మ్యాపింగ్ చూస్తే అది మా అమ్మ కథే. రెండేళ్ల క్రితం తెరిచి వదిలేసిన ఇంకో ఖాతా. పథకం పేరు మారింది, రాష్ట్రం మారింది, డబ్బు పోయే దారి మాత్రం అదే.

ఆగస్టు 2న మళ్లీ బండ వచ్చింది. ఈసారి బుక్ చేసినప్పుడే యాప్‌లో 905 కట్టేశాం. ముందే కట్టేస్తే తలుపు దగ్గర రేటు మాట రాదు. నేను షాపులో ఉన్నాను, అమ్మ ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అబ్బాయి వచ్చి ఓటీపీ అడిగాడట. "బండ లోపల పెట్టు బిడ్డా, బిల్లు కాయితం ఇయ్యి, చదువుకుని చెప్త" అందట. అతను నవ్వి జేబులోంచి మడిచిన మెమో తీసి ఇచ్చాడట. ఇన్నాళ్లూ ఆఫీసులోనే ఉంటుందన్న కాగితం అతని జేబులోనే ఉంది. మూల ధర, రెండు జీఎస్టీలు, మొత్తం చూసుకుని, నాలుగంకెలు చెప్పి, అతని చేతిలో ఇరవై రూపాయలు వేరుగా పెట్టి పంపింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నోట్‌బుక్‌లో కొత్త వరుస తన చేత్తోనే రాసి పెట్టింది. తేదీ, 905, మెమో నంబర్. పక్కన కేంద్రం, రాష్ట్రం అని నేను గీసిన రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఆగస్టు 6న మొదటి గడిలో 40.71 ఎక్కింది, అమ్మ పాత బ్యాంకు మెసేజ్ చూసి రాసింది. రెండో గడి ఇది రాసే నాటికి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో 364.29 రావాలి.